వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ లైట్ మిణుకుతుంటే: సెన్సరా, బేరింగులా, ఆయిలా?

ప్రశ్న: నా డీజిల్ కారు 1,70,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేస్తే ఆయిల్ లైట్ వెంటనే ఆరిపోతుంది. గంటసేపు నడిపాక సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం మిణుకు మిణుకుమంటుంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే పోతుంది. ఒక మెకానిక్ సెన్సర్ పోయిందంటున్నాడు. ఇంకొకాయన బేరింగులు అరిగాయి, ఇంజిన్ దించాలంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? అప్పటిదాకా కారు నడపొచ్చా?

సమాధానం:

ఇద్దరి మాటా ఇప్పుడే నమ్మకండి. ముందు డిప్ స్టిక్ తీసి ఆయిల్ చూడండి. ఆయిల్ సరిగ్గానే ఉంటే, ఆ లైట్‌ని వెలిగించే సెన్సర్ స్విచ్ ఉన్న చోట చేత్తో బిగించే మామూలు ప్రెషర్ మీటరు పెట్టి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఎంత చూపిస్తుందో చదవమనండి. అరగంట, ముప్పావుగంట పని. ఆ అంకె చూడకుండా స్విచ్ మార్చడమూ తప్పే, ఇంజిన్ దించడమూ తప్పే.

నడపడం గురించి: కారు ఆగి ఉన్నప్పుడు ఐడిల్‌లో మాత్రమే మిణికి, తొక్కగానే ఆరుతుంటే, ఆయిల్ లెవెల్ కూడా ఉంటే, మెల్లగా గ్యారేజీ దాకా వెళ్లొచ్చు. హైవే ఎక్కి దూరప్రయాణం మాత్రం పెట్టుకోకండి. రోడ్డు మీద వెళ్తుండగా లైట్ వెలిగి ఆరకుండా నిలిచిపోయిందా, పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకున్న వాళ్ల క్రాంకులే లేత్ షాపుల్లో వరసగా పడుంటాయి.

ఇక కారణం. మా గ్యారేజీ విజయవాడ ఆటోనగర్‌లో. ఏప్రిల్, మే నెలల్లో మీలాంటి కేసులు ఎక్కువగా వస్తాయి. ఎండ నలభై దాటి, ఏసీ వేసి, బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే ఆయిల్ ఎంత పల్చబడాలో అంత పల్చబడుతుంది. చలికాలంలో దాక్కున్న జబ్బు అప్పుడు బయటపడుతుంది.

ఆ లైట్ వెనక ఉన్న స్విచ్ చాలా సాదా వస్తువు. లోపల ఒక పల్చటి పొర, ఒక స్ప్రింగు, ఒక కాంటాక్ట్. చాలా కార్లలో ప్రెషర్ 0.2 నుంచి 0.5 బార్ లోపు ఎక్కడో ఒకచోటికి పడితే కాంటాక్ట్ కలుస్తుంది, లైట్ వెలుగుతుంది. అంతకన్నా పైన ఉంటే ఆరుతుంది. అంటే అది ప్రెషర్ ఎంతుందో కొలవదు. "మరీ తక్కువ" అని మాత్రమే చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో వేడి ఐడిల్ ప్రెషర్ సాధారణంగా 0.8 బార్‌కి పైనే, చాలావాటిలో 1 బార్ దాటి ఉంటుంది. స్విచ్ మంచిదైతే, అది మిణికే సమయానికి మీ ప్రెషర్ ఉండాల్సిన దాంట్లో సగానికి పడిపోయిందని అర్థం. అందుకే దీన్ని "కొంచెం మిణుకుతోంది, అంతే" అని తీసేయలేం.

మిణకడం అంటే ప్రెషర్ సరిగ్గా ఆ గీత మీద ఊగుతోందని. ఆయిల్ పంపు క్రాంక్‌తో పాటే తిరుగుతుంది, కాబట్టి స్పీడు పెరిగితే ఎక్కువ ఆయిల్ తోస్తుంది. ఆ ఆయిల్ బేరింగుల సందుల్లోంచి కారిపోతూ ఉంటుంది. కారకుండా ఎంత అడ్డుకుంటే అంత ప్రెషర్. పొలంలో డ్రిప్ పైపుకు రంధ్రాలు పెద్దవైతే, మోటారు అదే అయినా చివరి మొక్కకు నీళ్లు అందవు కదా, ఇక్కడా అంతే. పైగా సందు రెండింతలైతే కారేది రెండింతలు కాదు, దాదాపు ఎనిమిది రెట్లు. అందుకే బేరింగు అరుగుదల చాలాకాలం కనిపించకుండా ఉండి, ఒక దశ దాటాక ఉన్నట్టుండి లైట్ రూపంలో వస్తుంది.

ఇప్పుడు మీ లక్షణం చూడండి. చల్లగా ఉంటే బాగుంది, వేడెక్కితే వస్తోంది, తొక్కితే పోతోంది. నిజంగా ప్రెషర్ తగ్గితే కనిపించే తీరు అచ్చం ఇదే. పాడైన స్విచ్ మామూలుగా ఇంత మర్యాదగా ప్రవర్తించదు. కాంటాక్ట్ అతుక్కుపోతే లైట్ ఎప్పటికీ ఆరదు. లోపల పొర చిరిగితే ఆయిల్ వైరు ప్లగ్గులోకి కారుతుంది, ప్లగ్ విప్పితే లోపల తడి తెలుస్తుంది. వైరు ఒరిసి ఇంజిన్‌కి తగులుతుంటే గుంతల్లో, మలుపుల్లో మిణుకుతుంది, ఆర్‌పీఎంతో సంబంధం ఉండదు. ఆ వైరు పీకి చూడండి: ఒకే వైరు ఉన్న పాతరకం స్విచ్ అయితే, కీ ఆన్‌లో లైట్ ఆరిపోవాలి. పీకినా వెలుగుతుంటే తప్పు వైరులో ఉంది. కొత్త కార్లలో కొన్నిటికి రెండు మూడు వైర్ల సెన్సర్ ఉంటుంది, ఈ పరీక్ష వాటికి పనికిరాదు.

అయితే సెన్సర్ అన్న మెకానిక్ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. పాతబడ్డ స్విచ్ స్ప్రింగు బిగువు మారి, 0.4 దగ్గర కలవాల్సింది 0.9 దగ్గరే కలవడం నేను చూశాను. అలాంటి స్విచ్ కూడా సరిగ్గా మీరు చెప్పినట్టే చేస్తుంది: చల్లగా ఉంటే నిశ్శబ్దం, వేడి ఐడిల్‌లో మిణుకు, తొక్కితే మాయం. లక్షణం చూసి ఈ రెండింటినీ విడదీయడం ఎవరివల్లా కాదు. మీటరు అడిగేది అందుకే.

ముందు డిప్ స్టిక్. సమతలంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ ఆపాక పది నిమిషాలు ఆగి చూడండి. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ తేడా సుమారు ఒక లీటరు. ఆయిల్ కింది గీత దగ్గర ఉన్నంతమాత్రాన ఐడిల్‌లో లైట్ రాదు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో, పంపు ఆయిల్ పీల్చుకునే జల్లెడ, అంటే స్ట్రైనర్, మునిగి ఉన్నంతసేపూ పంపుకి ఆయిల్ అందుతూనే ఉంటుంది. ఆయిల్ నిజంగా తక్కువైతే లైట్ వేరే చోట వస్తుంది: గట్టిగా బ్రేక్ వేసినప్పుడు, ఘాట్ మలుపుల్లో, ఏటవాలు ఎక్కుతున్నప్పుడు. ఆయిల్ ఒక పక్కకు పోయి స్ట్రైనర్ గాలి పీలుస్తుంది. మీకు అలా వస్తోందా, ఆగినప్పుడే వస్తోందా అన్నది గుర్తు పెట్టుకుని చెప్పండి.

డిప్ స్టిక్ మీద ఏమీ అంటకపోతే, పోసి లైట్ ఆరింది కదా అని ఊరుకోకండి. ఆయిల్ ఎటు పోయిందో తేలాలి, ఆయిల్ లేకుండా తిరిగిన ఆ కొంతసేపట్లో బేరింగులకు ఏమైందో కూడా చూడాలి.

దీనికన్నా ఎక్కువమందికి తట్టని సంగతి ఒకటుంది. లెవెల్ పై గీత దాటి ఉంటే సంతోషించకండి. డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్ కారుతున్నా, హై ప్రెషర్ పంపు సీలు పోయినా, బీఎస్ 6 కార్లలో పొగ ఫిల్టర్ శుభ్రం కావడానికి వదిలే డీజిల్ పూర్తిగా కాలకపోయినా, ఆ డీజిల్ చాంబర్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. లెవెల్ పెరుగుతుంది, ఆయిల్ నీళ్లలా అవుతుంది. వేలికి రాసుకుని వాసన చూడండి, డీజిల్ వాసన వస్తే అదే. పోయినేడాది ఒక కారు ఇలాగే "బేరింగులు పోయాయి" అన్న ముద్రతో నా దగ్గరకు వచ్చింది. డిప్ స్టిక్ మీద ఆయిల్ పై గీతకు వేలెడు పైన ఉంది. వేడి ఐడిల్‌లో 0.5 బార్. ఆయిల్, ఫిల్టర్ మార్చాక అదే వేడిలో 1.1 బార్ వచ్చింది. ఇంజెక్టర్ టెస్ట్ బెంచ్ మీద పెడితే ఒకటి కారుతోంది. దాన్ని బాగుచేయించకుండా ఆయిల్ మాత్రమే మార్చి పంపి ఉంటే మళ్లీ అదే కథ.

గ్రేడ్ కూడా చూడండి. 15డబ్ల్యూ-40 పోయమని మాన్యువల్ చెప్పిన పాత ఇంజిన్‌లో మైలేజీ కోసం ఎవరో 0డబ్ల్యూ-20 పోస్తే, ఆ ఇంజిన్ వేడిలో లైట్ చూపించడంలో వింతేమీ లేదు.

ఇక మీటరు. చాలా గ్యారేజీల్లో ఉంటుంది, లేకపోతే కొనడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్విచ్ విప్పి, ఆ మరకు సరిపోయే అడాప్టర్‌తో మీటరు గొట్టం బిగించాలి. చాలా స్విచ్‌లకు మర కిందకు పోయేకొద్దీ సన్నబడుతుంది. గట్టిగా బిగిస్తే అల్యూమినియం హౌసింగ్ పగులుతుంది, కాబట్టి చేయి చూసుకోవాలి. మరకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టొద్దని చెప్పండి. టేపు పీలిక లోపలికి పోతే ఆయిల్ దారికి అడ్డం పడొచ్చు. తర్వాత స్విచ్ బిగించేటప్పుడైతే, దాని ఎర్త్ ఆ మర ద్వారానే అందుతుంది, టేపు దాన్ని కూడా తెంచగలదు. గొట్టం సైలెన్సర్ పైపుకీ టర్బోకీ తగలకుండా కట్టాలి. వేడి ఆయిల్ చిమ్మితే చేతులు కాలడమే కాదు, మంట కూడా అంటుకుంటుంది.

చల్లగా ఒకసారి చదవండి. తర్వాత ఇరవై, ముప్పై నిమిషాలు నిజంగా రోడ్డు మీద తిప్పండి. గ్యారేజీలో నిలబెట్టి ఐడిల్‌లో ఉంచితే టెంపరేచర్ ముల్లు మధ్యకు వస్తుంది కానీ ఆయిల్ అంత వేడెక్కదు. ముల్లు చూపేది కూలెంట్ వేడి, ఆయిల్ వేడి కాదు. ఇక్కడే చాలామంది తొందరపడి "మీటర్లో బాగానే ఉంది" అనేస్తారు. తిరిగొచ్చాక వేడి ఐడిల్‌లో ఒకటి, 2000 ఆర్‌పీఎం దగ్గర ఒకటి, 3000 దగ్గర ఒకటి చదివి రాసుకోండి. ఐడిల్ ఎంత ఆర్‌పీఎంలో ఉందో కూడా రాయండి. 800 ఉండాల్సింది 650కి పడి ఉంటే, ప్రెషర్ తగ్గడానికి అదే ఒక కారణం కావచ్చు.

ఆ అంకెల్ని మీ కారు సర్వీస్ మాన్యువల్ చెప్పిన దానితో పోల్చాలి, అదే ప్రామాణికం. అది దొరకకపోతే పాతకాలం లెక్క ఒకటుంది: వేడి ఇంజిన్‌లో ప్రతి 1000 ఆర్‌పీఎంకి పది పీఎస్ఐ, అంటే దాదాపు 0.7 బార్. ఇది ఉజ్జాయింపు మాత్రమే. ఐడిల్‌లో కావాలనే ప్రెషర్ తగ్గించే కొత్తరకం పంపులున్న ఇంజిన్లకు ఇది వర్తించదు.

మీటరు 1.2 బార్ చూపిస్తే, విప్పేముందు వరకూ లైట్ మిణికి ఉంటే, స్విచ్ మార్చండి, పని అయిపోయింది. ఊరూపేరూ లేని స్విచ్ వేయొద్దు. చౌకరకం వాటిలో కొత్తగానే తప్పు ప్రెషర్ దగ్గర కలిసేవి ఉంటాయి, అప్పుడు మళ్లీ ఇదే ప్రశ్న మొదటికొస్తుంది.

వేడి ఐడిల్‌లో 0.4 వచ్చి, 3000 దగ్గర మూడు, మూడున్నర బార్ వస్తే, ఆయిల్ పల్చబడి ఉండాలి, లేదా బేరింగులు అరగడం మొదలై ఉండాలి. సరైన గ్రేడ్ కొత్త ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే ఏదో తేలిపోతుంది. ఐడిల్‌లోనూ పైనా రెండుచోట్లా తక్కువగానే ఉంటే బేరింగులు బాగా పోయినా పోయి ఉండాలి, పంపు అరిగి ఉండాలి, ప్రెషర్ మరీ పెరగకుండా ఆయిల్ వదిలే పంపు రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుని ఉండాలి, లేదా స్ట్రైనర్ గొట్టం దగ్గరి రబ్బరు రింగు గట్టిపడి గాలి పీలుస్తుండాలి. గాలి పీలుస్తుంటే ముల్లు స్థిరంగా ఉండక వణుకుతుంది. ఐడిల్‌లో బాగుండి, ఎక్కువ స్పీడులో కాసేపు పట్టి ఉంచితే పడిపోతుంటే స్ట్రైనర్ మడ్డితో పూడుకుపోయిందని అనుమానించాలి. ఇందులో చివరి మూడూ బేరింగుల కన్నా చాలా చౌక. కాబట్టి మీటరు తక్కువ చూపించినా వెంటనే "ఇంజిన్ దించాలి" అన్న మాటకు తలూపకండి. చాలా కార్లలో ముందు కింద చాంబర్ దింపితే చాలు.

అలా చేసిన కేసు ఒకటి వివరంగా చెబుతాను. ట్రావెల్స్‌లో తిరిగే నాలుగు సిలిండర్ల డీజిల్ కారు, రెండు లక్షల పైచిలుకు తిరిగింది. నా దగ్గరికి రాకముందే స్విచ్ రెండుసార్లు మార్చారు. వేడి ఐడిల్‌లో 0.4 బార్, 2000 దగ్గర 1.2, 3000 దగ్గర 1.8. ఆయిల్, ఫిల్టర్ మారిస్తే ఐడిల్ 0.5కి వచ్చింది, అంతే. అంటే తప్పు ఆయిల్‌లో లేదు. తీసిన ఆయిల్‌ని తెల్లటి ప్లాస్టిక్ ట్రేలో పోసి ఎండలో పెట్టి చూశాం. సన్నటి మెరుపు. అయస్కాంతం తిప్పితే చాలావరకు అంటలేదు. ఇనుము అయితే అంటేది, బేరింగు మీది పూత అంటదు. పాత ఫిల్టర్ డబ్బా కోసి లోపలి కాగితం మడతలు విప్పితే అక్కడా అదే మెరుపు.

శబ్దం సంగతి కూడా చెప్పాలి. ఖాళీగా 2000, 2500 మధ్య పట్టుకుని కాలు వదిలినప్పుడు లోపల తేలిగ్గా టక్ టక్ వినిపించింది. ఒక్కొక్క ఇంజెక్టర్ ప్లగ్ పీకుతూ పోతే మూడో దానికి ఆ శబ్దం సగం తగ్గింది. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కాన్‌రాడ్ బేరింగు శబ్దం అలాగే ఉంటుంది, ఆ సిలిండర్‌లో మంట ఆపితే తగ్గుతుంది. క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగుదైతే ఇంకా లోతుగా, బరువుగా, లోడు పడినప్పుడు దుమ్ దుమ్ మంటుంది. కానీ శబ్దం లేనంతమాత్రాన బేరింగులు బాగున్నట్టు కాదు, లైట్ మిణికే దశలో చాలా ఇంజిన్లు నిశ్శబ్దంగానే ఉంటాయి.

చాంబర్ దింపాం. స్ట్రైనర్ శుభ్రంగా ఉంది, రబ్బరు రింగు మెత్తగానే ఉంది. మూడో కాన్‌రాడ్ క్యాప్ విప్పితే బేరింగు మీద బూడిదరంగు పూత పోయి కింద రాగి రంగు కనిపించింది. ఎంత నలిగిందో చూసి సందు కొలిచే ప్లాస్టిగేజ్ తీగ ముక్క పెట్టి టార్క్ ప్రకారం బిగించి విప్పితే సందు 0.11 మిల్లీమీటర్లు. ఆ ఇంజిన్‌కి ఉండాల్సింది 0.03 నుంచి 0.06 మధ్య. మిగతా మూడూ గరిష్ఠ హద్దు దగ్గర్లో ఉన్నాయి. క్రాంక్ మీద బేరింగు కూర్చునే చోటు, అంటే జర్నల్‌ని, మైక్రోమీటర్‌తో నాలుగు వైపులా కొలిస్తే గీతల్లేకుండా, గుండ్రంగా, హద్దులోనే ఉంది. క్రాంక్ బాగుంది కాబట్టే గ్రైండింగ్ లేకుండా స్టాండర్డ్ సైజు బేరింగులతో సరిపోయింది. గీతలు పడి ఉంటే క్రాంక్ దించి, గ్రైండ్ చేయించి, 0.25 అండర్‌సైజు బేరింగులు వేయాల్సి వచ్చేది. అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లు. మెయిన్ బేరింగులు కూడా రెండు విప్పి చూసి, కొత్తవి వేశాం. పంపు విప్పి పళ్ల సందులు కొలిచాం, బాగానే ఉన్నాయి, రిలీఫ్ వాల్వ్ కూడా ఇరుక్కోకుండా సాఫీగా కదులుతోంది. బిగించాక వేడి ఐడిల్‌లో 1.3 బార్, 3000 దగ్గర 3.6. పాత స్విచ్‌నే మళ్లీ పెట్టాం, దానికేమీ కాలేదు.

ఆ కారు ఓనరు అదృష్టం ఏంటంటే మిణుకుతున్న దశలోనే వచ్చాడు. ఇంకో నెల నడిపి ఉంటే ఆ మూడో బేరింగు తిరిగిపోయి క్రాంక్‌ని తినేసేది.

ఒక హెచ్చరిక. మీ దగ్గర ఎవరైనా "20డబ్ల్యూ-50 పోద్దాం, లైట్ పోతుంది" అంటారు. నిజమే, చిక్కటి ఆయిల్ పోస్తే లైట్ పోవచ్చు. సందు అలాగే ఉంటుంది. పైగా చిక్కటి ఆయిల్ చల్లని స్టార్టింగ్‌లో టర్బోకీ, హైడ్రాలిక్ టాపెట్లకీ, చైన్ టెన్షనర్‌కీ ఆలస్యంగా అందుతుంది. పాత కారు అమ్మేవాళ్లలో కొందరు చేసే పని ఇదే. మీరు సెకండ్‌హ్యాండ్ కారు కొంటుంటే అరగంట తిప్పి, ఏసీ ఆపి, ఐడిల్ కిందికి దిగాక లైట్ వైపు చూడండి. కీ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు లైట్ అసలు వెలుగుతోందా అన్నది అంతకన్నా ముందు చూడండి. స్విచ్ వైరు పీకేసి అమ్మినవీ ఉన్నాయి.

మీరు చల్లని ఐడిల్, వేడి ఐడిల్, వేడిలో 2000, 3000 ఆర్‌పీఎం రీడింగులు రాసి పెట్టండి. వాటితో పాటు కారు మోడల్, చివరిసారి ఏ గ్రేడ్ ఆయిల్ పోశారు, డిప్ స్టిక్ మీద లెవెల్ ఎక్కడుంది, ఆయిల్‌కి డీజిల్ వాసన ఉందా అన్నవి కూడా. చాంబర్ దింపాల్సిన అవసరం ఉందో లేదో అప్పుడు చూసి చెప్తాను.